వద్దన్న తల్లి బిడ్డకు ఏమవుతుందో కాగితంలో రాయండి: విద్యా పరిశోధన గైడ్లకు, ఎథిక్స్ కమిటీలకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల విద్యాశాఖల్లో పరిశోధనలకు గైడ్లుగా ఉన్న ఆచార్యులకు, ఎథిక్స్ కమిటీ సభ్యులకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఎంఈడీ, పీహెచ్‌డీ చేసే పిల్లలు మా బడికి వస్తూనే ఉంటారు. వాళ్ల చేతిలో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి తల్లిదండ్రులకు పరిశోధన గురించి చెప్పే సమాచార పత్రం, రెండోది వాళ్లు సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం. ఈ లేఖ ఆ రెండు కాగితాల గురించే. నిరుడు నా ఆరో తరగతిలో జరిగిన ఒక అధ్యయనం వల్ల వీటి గురించి నేను కొంత నేర్చుకున్నాను. అది మీ దాకా రావాలని రాస్తున్నాను.

వచ్చిన అబ్బాయి శ్రద్ధగలవాడు. పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరికొకరు చదివి వినిపించుకుంటే చదవడంలో తడబాటు తగ్గుతుందా అన్నది అతని ప్రశ్న. ఎనిమిది వారాలు, రోజూ తెలుగు పీరియడ్‌లో మొదటి పావుగంట. మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో ఒకసారి ఒక్కో పిల్ల నిమిషం పాటు చదివేది ఫోన్లో రికార్డు చేసి, తప్పులేకుండా చదివిన మాటలు లెక్కపెడతాడు. మధ్యలో రెండు రోజులు తరగతి వీడియో తీస్తాడు. క్లాసులో 38 మంది.

అతను తెచ్చిన కాగితం నాలుగు పేజీలు, తెలుగులోనే ఉంది. మీ కమిటీ చూసి ముద్ర వేసిందే. సోమవారం పిల్లల చేతికిచ్చి పంపాం. బుధవారానికల్లా 36 వచ్చేశాయి, అన్నీ ఒప్పుకున్నట్టుగా సంతకాలతో. అతను సంతోషపడ్డాడు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. తొమ్మిది ఫారాలకు ఆధార్ జిరాక్సులు పిన్ను చేసి ఉన్నాయి. నాలుగింటికి బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు కూడా ఉన్నాయి. మూడు ఫారాల మీద ఒకే నీలి పెన్ను, ఒకే చేతిరాత.

ఆ సాయంత్రం నలుగురైదుగురికి ఫోన్ చేశాను. ఒకాయన తల్లికి వందనం డబ్బుల కాగితం అనుకున్నాడు. బడి నుంచి వచ్చే ప్రతి కాగితానికీ ఆధార్ కావాలి కదా మేడం అన్నాడు. ఇంకొకాయన, సంతకం పెట్టకపోతే పేరు కొట్టేస్తారేమోనని పెట్టానన్నాడు. పత్తి తీతకు వెళ్లే ఒక తల్లి అడిగిన మాట మాత్రం ఇప్పటికీ గుర్తుంది. "మా పాప సరిగ్గా చదవడం లేదని పరీక్ష పెడుతున్నారా? వేరే బడికి పంపిస్తారా?" ఆమె ఆ భయంతోనే సంతకం పెట్టి పంపింది.

మీ దగ్గరకు వచ్చే ఫైళ్లలో నూటికి నూరు సంతకాలు, రెండు రోజుల్లో వచ్చినవి, ఒక్క 'వద్దు' కూడా లేనివి కనిపిస్తే దయచేసి ఆగి చూడండి. 38 ఇళ్లలో ఒక్కరికి కూడా తమ బిడ్డ వీడియో తీయడం గురించి సందేహం రాకపోవడం సహజం కాదు. అక్కడ జనం ఒప్పుకోలేదు, ఫారం నింపారు.

ఇది మన నేల మీద ఇంతకంటే చాలా పెద్దగా ఒకసారి జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన అధ్యయనం మీకు తెలియనిది కాదు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. తర్వాత విచారణలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 9,500కు పైగా అంగీకార పత్రాలు చూస్తే, 2,700కు పైగా ఫారాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవో హెడ్మాస్టర్లవో అని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది. టీకాకూ, కథ చదవడానికీ పోలిక లేదని నాకు తెలుసు. కానీ హెడ్మాస్టరు 'సరే' అంటే తల్లిదండ్రులు 'సరే' అన్నట్టే అనుకునే అలవాటు మా బళ్లలో అలాగే ఉంది. హెడ్మాస్టరు ఇచ్చేది బడి గేటు దాటి లోపలికి రావడానికి అనుమతి. బిడ్డ గొంతు రికార్డు చేసుకోవడానికి అనుమతి ఇచ్చేది ఆ బిడ్డ తల్లిదండ్రులే.

ఆ 36 ఫారాలు పక్కన పెట్టేద్దామని ఆ అబ్బాయికి చెప్పాను. అతనికి టెన్షన్. గైడుగారు ఏమంటారో, వారం పోతుందేమోనని. అయినా ఒప్పుకున్నాడు. ఇద్దరం కూర్చుని రెండు సాయంత్రాల్లో కొత్త కాగితం రాశాం.

ముందు పాత కాగితంలో మాటలు చూశాం. తల్లిదండ్రులను అందులో 'ప్రతివాదులు' అన్నారు. మా ఊళ్లో ఆ మాట కోర్టు నోటీసులో తప్ప కనిపించదు. పిల్లలు 'ప్రయోగ సమూహం', చదివించే పద్ధతి 'జోక్యం', మొదటిసారి చదివించి వినడం 'పూర్వ పరీక్ష'. పరీక్ష అన్న మాట చూసే ఆ తల్లి భయపడింది. వాక్యాలన్నీ 'సేకరించబడును', 'ఉంచబడును', 'వెల్లడించబడవు' అని ముగిశాయి. ఎవరు సేకరిస్తారు, ఎవరు ఉంచుతారు అన్నది ఎక్కడా లేదు. తల్లిదండ్రులకు కావాల్సింది సరిగ్గా అదే: నా బిడ్డను రికార్డు చేసేది ఎవరు, ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?

కొత్తది రాశాక ముగ్గురు తల్లుల్ని పిలిచి చదివి వినిపించాం. "అర్థమైందా?" అని అడగలేదు. అలా అడిగితే అందరూ అయిందనే అంటారు. "ఇప్పుడు ఇంటికెళ్లి మీ ఆయనకు ఏం చెబుతారు?" అని అడిగాం. మేము బాగా రాశామనుకున్న వాక్యం అక్కడే బయటపడింది. 'రికార్డింగులు గోప్యంగా ఉంచుతాం' అని రాశాం. మిషన్ కుట్టే ఒకామె, "మాకు తెలియకుండా రహస్యంగా రికార్డు చేస్తారంట" అని చెప్పింది. ఆమె తప్పేం లేదు. గోప్యం అంటే దాచడమే కదా. ఎవరి నుంచి దాస్తామో మేం రాయలేదు. ఆ వాక్యం తీసేసి ఇలా మార్చాం: 'ఈ రికార్డింగు నేను, మా గైడు తప్ప ఎవరూ వినరు. మీరు అడిగితే మీ బిడ్డది మీకు వినిపిస్తాను. పుస్తకంలో మీ బిడ్డ పేరు గానీ, ఊరి పేరు గానీ, బడి పేరు గానీ రాయను.'

ఇలా ముగ్గురి చేత చెప్పించుకోవడానికి పట్టింది గంటన్నర. మీ విద్యార్థులు ఫారాన్ని మీకు పంపేముందే ఈ పని చేయించండి. ఎవరు ఎక్కడ తడబడ్డారో, దాన్ని ఎలా మార్చారో ఒక పేజీ రాసి జతపరచమనండి.

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఒకే ప్రశ్న. తల్లి వద్దంటే ఆ బిడ్డ ఆ పావుగంట ఏం చేస్తుంది? పాత కాగితంలో 'పాల్గొనడం పూర్తిగా స్వచ్ఛందం' అని ఉంది. అంతే. ఆ పిల్ల వరండాలో కూర్చోవాలా? వేరే క్లాసుకి వెళ్లాలా? జతలో చదివే వీలు ఆమెకు లేనట్టేనా? బయట దొరికే మనుషులతో చేసే పరిశోధనలో వద్దన్నవాళ్లు వెళ్లిపోతారు. క్లాసులో వద్దన్న పిల్ల వెళ్లిపోదు. అక్కడే, అదే బెంచీ మీద, అందరి మధ్యా ఉంటుంది. పంతులమ్మ చూస్తుంటుంది, పక్క పిల్లలు అడుగుతుంటారు. అందుకే క్లాసు పరిశోధనకు వాడే కాగితం మామూలు సర్వే కాగితంలా ఉంటే సరిపోదు.

మేము రెండు పనుల్ని విడదీశాం. జతల్లో చదివించడం నా పాఠం. ఆ అబ్బాయి రాకపోయినా నేను చేయించదగ్గదే, సిలబస్‌కి అడ్డం రాదు. అది పిల్లలందరికీ. పరిశోధన కోసం తీసుకునేది ఆ రికార్డింగులూ, వీడియోలూ, వాటి లెక్కలూ. అంగీకారం అడగాల్సింది వాటికి. చివరికి కాగితంలో మొదటి భాగం ఇలా వచ్చింది.

"ఆరో తరగతి పిల్లలు రోజూ తెలుగు పీరియడ్‌లో మొదటి పావుగంట ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరికొకరు కథ చదివి వినిపిస్తారు. ఎనిమిది వారాలు చేస్తారు. ఇది పాఠంలో భాగం. మీరు ఈ కాగితం మీద ఏం రాసినా మీ బిడ్డ అందరితో కలిసి చదువుతుంది.

నేను అడుగుతున్నది వేరు. మొదట ఒకసారి, చివర ఒకసారి, మీ బిడ్డ ఒక నిమిషం చదివేది నా ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా? ఇది పరీక్ష కాదు, దీనికి మార్కులు లేవు. ఎవరినీ వేరే బడికి పంపడానికి కాదు.

మీరు వద్దంటే రికార్డు చెయ్యను. ఎందుకు వద్దన్నారని ఎవరూ అడగరు. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, తల్లికి వందనం డబ్బులు, వీటికీ ఈ కాగితానికీ సంబంధం లేదు. ఆధార్ కాపీ గానీ, బ్యాంకు పుస్తకం కాపీ గానీ ఇవ్వకండి."

ఈ విడదీత అన్ని అధ్యయనాలకూ కుదరదు. పద్ధతి పూర్తిగా కొత్తదైతే, లేదా పాఠం మానేసి చేయించేదైతే, లేదా సగం మందికే చేయించి మిగతా సగాన్ని పోల్చుకోవడానికి వదిలేస్తే, 'ఇది మామూలు పాఠమే' అనడం అబద్ధం అవుతుంది. అప్పుడు ఆ పద్ధతికే అంగీకారం అడగాలి. వద్దన్న పిల్లలకు ఆ సమయంలో ఏ టీచరు, ఏ గదిలో, ఏం చెబుతారో రాయాలి.

కాగితంలో రాసిన మాటను క్లాసులో నిలబెట్టుకోవడం ఇంకో పని. ఒప్పుకున్నవాళ్లనే లైబ్రరీ గదికి పిలిస్తే మిగతావాళ్లెవరో పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోతుంది. అందుకని అందర్నీ పిలిచాం. వద్దన్నవాళ్లు కూడా ఆ గదిలో నిమిషం చదివి వచ్చారు, ఫోను మాత్రం ఆన్ చెయ్యలేదు. ఆ సంగతి ఆ పిల్లలకు ముందే చెప్పాడు. వీడియో రోజున చీట్లు వేసి అందరి చోట్లూ మార్చినట్టు చేసి, వద్దన్న పిల్లల్ని కెమెరా చూపు పడని కిటికీ వరసలోకి తెచ్చాం. కెమెరా ఎక్కడ పెడితే ఏ బెంచీలు పడవో ముందురోజు ఖాళీ క్లాసులో చూసుకున్నాడు.

రెండోసారి పిల్లల చేతికి ఊరికే ఇచ్చి పంపలేదు. తల్లిదండ్రుల మీటింగులో అతనే చదివి వినిపించాడు, నేను గది బయటికి వెళ్లిపోయాను. మార్కులు వేసే టీచరు ఎదురుగా ఉంటే ఎవరూ వద్దనరు. అవునన్నా వద్దన్నా సంతకం ఒకేచోట, కవర్లో పెట్టి అంటించి పంపమన్నాం, వారం గడువిచ్చాం. కాగితం తిరిగి రాకపోతే ఒప్పుకున్నట్టు లెక్కేసుకోలేదు. 'అభ్యంతరం ఉంటేనే తిప్పి పంపండి' అనే ఫారాలు నేను చూశాను. పిల్లాడి బ్యాగులో అడుగున నలిగిపోయిన కాగితం అక్కడ అంగీకారం అయిపోతుంది. దయచేసి వాటికి ముద్ర వెయ్యకండి.

ఫలితం చెబుతాను. ఐదుగురు వద్దన్నారు. నలుగురు గొంతుకు సరే, వీడియోకు వద్దన్నారు. 29 మంది రెండింటికీ ఒప్పుకున్నారు. అంటే రికార్డింగుకు 33 మంది మిగిలారు. ఆధార్ జిరాక్సు ఒక్కటీ రాలేదు. గైడుగారు మొదట సంఖ్య తగ్గిందని అడిగారట. ఇలా తగ్గుతుందని ముందే అనుకుని, ప్రతిపాదనలోనే ఇంకో సెక్షన్ పిల్లల్ని కలుపుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. తగ్గిన సంఖ్యను విద్యార్థి లోపంగా చూస్తే మాత్రం తర్వాత వచ్చే విద్యార్థి 36 సంతకాలే తెస్తాడు.

వీడియో గురించి మూడో గడి కూడా పెట్టాం: 'ఈ వీడియోను టీచర్ల శిక్షణలో చూపించవచ్చా?' 29 మందిలో 11 మందే టిక్కు పెట్టారు. క్లాసు వీడియోలో ఒక్కరే ఉండరు. అందులో ఉన్నవాళ్లలో అతి తక్కువ అనుమతి ఇచ్చిన తల్లిదండ్రుల మాటే మొత్తం వీడియోకు వర్తిస్తుంది. కాబట్టి అతను ఎక్కడా చూపించలేదు. చూసి నోట్సు రాసుకుని, నా ఎదుటే తుడిచేశాడు. అన్నిటికీ కలిపి ఒకే సంతకం తీసుకుని ఉంటే, ఆ 18 మంది ఇష్టం లేదన్న సంగతి మాకెప్పటికీ తెలిసేది కాదు.

'ఎప్పుడైనా తప్పుకోవచ్చు' అనే వాక్యం అన్ని ఫారాల్లోనూ ఉంటుంది. అది సగమే నిజం. పిల్లల పేర్ల బదులు అంకెలు వేసి, పేరుకూ అంకెకూ ఉన్న జాబితా చించేశాక ఏ లెక్క ఎవరిదో పరిశోధకుడికే తెలియదు. అప్పుడు తీసెయ్యమంటే తీసెయ్యలేడు. అందుకని మేము తేదీ రాశాం: 'ఫిబ్రవరి 28 లోపు చెబితే మీ బిడ్డ రికార్డింగూ, లెక్కా తీసేస్తాను. ఆ రోజు పేర్ల జాబితా చించేస్తాను. తర్వాత తీయడం కుదరదు.'

'పేరు రాయం' అన్న మాట కూడా చిన్న ఊళ్లో జాగ్రత్తగా చెప్పాలి. 'తల్లి గల్ఫ్‌లో, తాతమ్మ దగ్గర పెరుగుతున్న బాలుడు' అని రాస్తే మా ఊళ్లో ఎవరికైనా తెలిసిపోతుంది. అలాంటి వివరాలు కూడా రాయనని కాగితంలో చేర్చాడు. అలాగే ఇంటి సంగతులు అడిగే అధ్యయనాల్లో 'బిడ్డ చెప్పింది ఎవరికీ చెప్పం' అని హామీ ఇవ్వకండి. లైంగిక వేధింపు గురించి తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఫిర్యాదు చెయ్యాల్సిందే. ఆ మినహాయింపు ముందే రాయాలి.

మా క్లాసులో ఆరుగురి తల్లిదండ్రులు హైదరాబాద్, బెంగళూరులో కట్టడాల పనికి వెళ్లారు. ఇంట్లో నాయనమ్మలే ఉంటారు. పాత ఫారాల్లో ఆ నాయనమ్మల వేలిముద్రలు ఉన్నాయి, సాక్షి చోట నా పేరు రాసి ఉంది. ఈసారి అతను తల్లిదండ్రులకు ఫోన్ చేసి కాగితమంతా చదివాడు. ఊళ్లో పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన పక్కన కూర్చుని స్పీకర్లో విని సాక్షి సంతకం చేశాడు. చదవలేనివారి విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. బడి టీచరు ఆ సాక్షి కాలేదు.

ఇక పిల్లలు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఏడేళ్లు దాటిన పిల్లల నుంచి నోటి సమ్మతి, పన్నెండు దాటినవారి నుంచి రాసిచ్చిన సమ్మతి అడుగుతాయి. అవి ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవే అయినా మనకు చేతిలో ఉన్న మంచి కొలత అదే. ఆరో తరగతిలో పదకొండేళ్లవాళ్లూ, పన్నెండేళ్లవాళ్లూ ఒకే బెంచీ మీద ఉంటారు కనుక అందరికీ నాలుగు వాక్యాల చీటీ ఇచ్చాం. ఒక పాప వాళ్ల నాన్న అవునన్నాడు, పాప మాత్రం ఫోను చూడగానే తల దించుకుంది. అతను ఫోను జేబులో పెట్టేశాడు. చీటీలో ఆ పాప ఏమీ రాయలేదు. ఆ 33లో ఒకటి తగ్గి 32 అయింది.

మిమ్మల్ని అడిగేది పెద్దగా ఏమీ లేదు. తెలుగు కాగితాన్ని ఇంగ్లీషు ప్రతిపాదనకు అనువాదంగా చివర్లో చూడకండి, ముందు అదే చదవండి. ఎథిక్స్ కమిటీలో ఒక సామాన్య వ్యక్తి ఉండాలని మార్గదర్శకాల్లోనే ఉంది. క్లాసు పరిశోధనలు వచ్చే కమిటీలో ఆ కుర్చీలో సర్కారు బడికి బిడ్డను పంపే ఒక తల్లిని కూర్చోబెట్టండి. ఆమెకు ఆ రెండు కాగితాలే ఇచ్చి, వద్దంటే ఆమె బిడ్డకు ఏమవుతుందో చెప్పమనండి. ఆమె చెప్పలేకపోతే ఆ ఫారాన్ని తిప్పి పంపండి.

మేము రాసిన రెండు పేజీలూ, ముగ్గురు తల్లులు తడబడ్డ చోట్ల గుర్తులతో సహా, నా దగ్గర ఉన్నాయి. మీ విద్యార్థులు మా బడికి వచ్చినప్పుడు చూడవచ్చు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల